చిన్న రెస్టారెంట్ వంటగదికి వారం ఆర్డర్, ప్రెప్ షెడ్యూల్: ప్లేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేయండి

చాలా చిన్న వంటగదుల్లో ఆర్డర్ ఒకే పద్ధతిలో వెళ్తుంది. రాత్రి మూసే ముందు ఎవరో ఒకరు ఫ్రిజ్ తెరిచి చూస్తారు, తగ్గినట్టు కనిపించినవి రాసుకుంటారు, సప్లయర్‌కి మెసేజ్ పెడతారు. వారం మొదట్లో ఇది నడిచిపోతుంది. శుక్రవారం రాత్రికి మాత్రం ఒక వంటకం ఎనిమిదింటికే అయిపోతుంది, ఆదివారం రాత్రి అదే సరుకు చెత్తబుట్టలోకి పోతుంది. రెండూ ఒకే వారంలో జరుగుతాయి, కారణం కూడా ఒక్కటే. ఫ్రిజ్‌లో ఇప్పుడు ఎంత ఉందో చూసి ఆర్డర్ పెట్టారు. చూడాల్సింది వేరే ఉంది: ఈ ఆర్డర్ సరుకు ఏ రోజు ప్లేట్లోకి వెళ్తుంది, దీని తర్వాత వచ్చే సరుకు ఏ రోజు ప్లేట్లోకి వెళ్తుంది? ఆ రెండు రోజుల మధ్య అమ్మకాన్ని ఈ ఆర్డర్ ఒక్కటే మోయాలి. ఆర్డర్లైనా, కోయడం, మ్యారినేట్ చేయడం లాంటి ముందస్తు ప్రెప్ పనులైనా, షెడ్యూల్ అంతా దీని మీదే నిలబడుతుంది.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ పట్టుకుని పోదాం. సోమవారం సెలవు, మంగళవారం నుంచి ఆదివారం దాకా మధ్యాహ్నం, రాత్రి నడిచే రెస్టారెంట్ అనుకోండి. ఎక్కువ అమ్ముడుపోయేది మ్యారినేట్ చేసిన బోన్‌లెస్ చికెన్ వంటకం. మిగతావన్నీ దీనికన్నా సులువు కాబట్టి, దీని లెక్క కుదిరితే తక్కినవి మీరే వేసుకోగలరు.

1. సప్లయర్ల కాగితం

ఒక్కో సప్లయర్‌కి ఒక్కో వరుస రాయండి. ఏ రోజుల్లో డెలివరీ ఇస్తారు, ఆర్డర్ ఎన్ని గంటలలోపు అందాలి, ప్యాక్ సైజు ఎంత, కనీస ఆర్డర్ ఎంత, వాళ్ల సెలవులు ఎప్పుడు. చెప్పిన సమయం పక్కనే నిజంగా వచ్చే సమయం కూడా ఉండాలి. ఓ నెల రోజులు ప్రతి బిల్లు మీద సరుకు దిగిన టైమ్ రాయించండి. తొమ్మిదికి వస్తామన్న బండి కొన్నిసార్లు పదిన్నరకి వస్తుంటే, మీ షెడ్యూల్లో పదిన్నరే వేసుకోండి. సరాసరి తీసుకుంటే లాభం లేదు, ఎందుకంటే బండి ఆలస్యమైన రోజే వంటగది తలకిందులవుతుంది.

మన ఉదాహరణలో చికెన్ సప్లయర్ మంగళ, గురు, శనివారాల్లో ఉదయం తొమ్మిదికి దింపుతాడు. ముందు రోజు సాయంత్రం 4 గంటల లోపు ఆర్డర్ అందాలి. 2.5 కిలోల ప్యాకెట్లు.

2. వచ్చిన రోజు వేరు, వాడే రోజు వేరు

లీడ్ టైమ్, అంటే ఆర్డర్ పెట్టినప్పటి నుంచి సరుకు వాడకానికి సిద్ధమయ్యే దాకా పట్టే సమయం, అనగానే అందరూ సప్లయర్ వైపే చూస్తారు. అందులో సగం మీ వంటగదిలోనే ఉంటుంది. ఈ చికెన్‌ని శుభ్రం చేసి, ముక్కలు కోసి, రాత్రంతా మ్యారినేట్ చేయాలి. అంటే మంగళవారం వచ్చింది బుధవారానికి సిద్ధం. గురువారం వచ్చింది శుక్రవారానికి. శనివారం వచ్చింది ఆదివారానికి. గడ్డకట్టిన సరుకైతే కరిగే సమయం కూడా కలపాలి. ఫ్రిజ్‌లో కరగడానికి రెండు రెండున్నర కిలోలకు దాదాపు 24 గంటలు పడుతుంది, పెద్ద దిమ్మైతే ఇంకా ఎక్కువ. బయట గట్టు మీద పెట్టి తొందరగా కరిగించడం చికెన్‌తో చేయాల్సిన పని కాదు.

రెండో వైపు నుంచి సరుకు ఆయుష్షు నొక్కుతుంది. పచ్చి చికెన్ 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచకూడదు. మ్యారినేట్ చేసినా సరే, వచ్చిన రోజు నుంచి రెండు రోజులే. కాబట్టి మంగళవారం సరుకు బుధ, గురువారాలకు. గురువారం సరుకు శుక్ర, శనివారాలకు. శనివారం సరుకు ఆదివారానికి.

మరి మంగళవారం అమ్మకం? మంగళవారం పొద్దున వచ్చిన చికెన్ ఆ రోజుకి సిద్ధం కాదు. శనివారంది మూడు రోజులు దాటుతుంది. ఇలాంటి చిల్లు మీ వారంలో కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది, ముఖ్యంగా సెలవు రోజు పక్కన. ఎంత ఆర్డర్ పెట్టినా అది పూడదు, ఎందుకంటే అక్కడ తక్కువైంది సరుకు కాదు, రోజులు. దారులు మూడే: ఇంకో డెలివరీ అడగడం, ఆ రోజు ఆ వంటకం మెనూలోంచి తీసేయడం, లేదా ఫ్రీజర్ వాడుకోవడం. నాకు మూడోది నచ్చుతుంది. శనివారం మ్యారినేట్ చేసినప్పుడే మంగళవారం భాగాన్ని పలచని సంచుల్లో, ఒక్కోటి కిలోన్నరకి మించకుండా, పరిచినట్టు సర్ది ఫ్రీజర్‌లో పెట్టండి. ఆదివారం రాత్రి మూసేటప్పుడు కింద ట్రే పెట్టి ఫ్రిజ్‌లోకి మార్చండి. సోమవారం వంటగదిలో ఎవరూ లేకపోయినా పని జరిగిపోతుంది. నిమ్మరసం, వెనిగర్ ఎక్కువగా ఉన్న మ్యారినేడ్ అయితే ముక్క మెత్తబడి పిండిలా తయారవుతుంది. అప్పుడు వట్టి ముక్కలే ఫ్రీజ్ చేసి, మంగళవారం పొద్దున మసాలా పట్టించి రాత్రి భోజనానికి మాత్రమే అమ్మండి.

3. రోజువారీ అమ్మకం

వారం మొత్తం అమ్మకాన్ని ఆరుతో భాగించకండి. గత ఐదారు మంగళవారాల సరాసరి మంగళవారానికి, శుక్రవారాల సరాసరి శుక్రవారానికి విడివిడిగా తీయండి. మన ఉదాహరణలో ప్లేట్లు ఇలా ఉన్నాయి: మంగళ 15, బుధ 15, గురు 20, శుక్ర 35, శని 45, ఆది 40.

ఇక్కడ బిల్లింగ్ మెషీన్ ఒక అబద్ధం చెబుతుంది. ఓ శుక్రవారం 30 ప్లేట్లు అమ్మినట్టు చూపిస్తే, ఆ రాత్రి ఎనిమిదింటికే అయిపోయిందేమో కనుక్కోండి. అలా అయిపోయిన రోజుల లెక్క కస్టమర్లు ఎంత అడిగారో చెప్పదు, మీ దగ్గర ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. దాన్ని సరాసరిలో కలిపితే వచ్చే వారం కూడా తక్కువే తెస్తారు, మళ్లీ అయిపోతుంది. ఏదైనా అయిపోయినప్పుడు టైమ్ ఒక నోట్‌బుక్‌లో రాయించి, ఆ రోజుల్ని సరాసరిలోంచి తీసేయండి.

4. ఆర్డర్ లెక్క

ప్లేటుకి శుభ్రం చేసిన పచ్చి చికెన్ 200 గ్రాములు. కొవ్వు, చర్మం ముక్కలు తీసేస్తే పోయే తరుగు 10 శాతం అనుకుందాం. అంటే కొనాల్సింది 200ని 0.9తో భాగిస్తే వచ్చే 222 గ్రాములు, లెక్కకి 225. తరుగు ఎవరి మాటా నమ్మి వేసుకోకండి. ఒక ప్యాకెట్ ముందు తూచండి, శుభ్రం చేశాక మళ్లీ తూచండి. సప్లయర్ మారితే ఇంకోసారి.

గురువారం డెలివరీని తీసుకుందాం. అది శుక్ర, శనివారాలు రెండూ మోయాలి: 35, 45 కలిపి 80 ప్లేట్లు. దీనికి అదనం ఎంత? గత వారాల్లో ఆ రెండు రోజులు కలిపి ఎక్కువలో ఎక్కువ 92 ప్లేట్లు అడిగారనుకోండి. తేడా 12. సరాసరికి ఆ 12 కలిపితే 92. దాన్ని 225 గ్రాములతో గుణిస్తే 20.7 కిలోలు.

ప్యాకెట్ 2.5 కిలోలు కాబట్టి 20 కిలోలు తెప్పించాలి, లేదంటే 22.5. నేనైతే 20 చెబుతాను. శనివారం రాత్రి మిగిలిన చికెన్‌కి ఆదివారం అనేది లేదు. అప్పటికే రెండు రోజులు నిండిన ముక్కను ఫ్రీజర్‌లో దాచడం కూడా సరికాదు. 20 కిలోలకి 88 ప్లేట్లు వస్తాయి. బాగా రద్దీ ఉన్న వారం చివర్లో నాలుగు ప్లేట్లు తగ్గితే తగ్గనివ్వండి.

మంగళవారం డెలివరీకైతే నేనే పైకి గుండ్రం చేస్తాను. బుధ, గురువారాలకి 35 ప్లేట్లు, అదనం 4, మొత్తం 39 ప్లేట్లకి 8.8 కిలోలు. ఇక్కడ 10 కిలోలు తెప్పించవచ్చు, 44 ప్లేట్లు. బుధవారం మధ్యాహ్నం లెక్క చూసినప్పుడు మిగులు తేలుతుంది, అప్పటికి సరుకు వచ్చి ఒక్క రోజే కాబట్టి దాన్ని ఫ్రీజర్‌లోకి పంపడానికి ఇంకా వీలుంది. మిగిలితే పోవడానికి చోటు ఉన్నప్పుడు పైకి, లేనప్పుడు కిందికి.

5. ఉన్న స్టాక్ తీసేయడం, తేదీ చూసి

బుధవారం 4 గంటల లోపు ఆర్డర్ వెళ్లాలి కాబట్టి, మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక 3 గంటలకి లెక్క పెట్టండి. మ్యారినేట్ చేసిన 44 ప్లేట్లలో మధ్యాహ్నం 5 అమ్ముడుపోయి, 39 ఉన్నాయి. ఇవాళ రాత్రికి 10, రేపటికి 20, అదనం 4, మొత్తం 34 కావాలి. 5 ప్లేట్లు మిగులు.

ఈ ఐదింటిని రేపటి ఆర్డర్‌లోంచి తీసేయాలనిపిస్తుంది. తీయకూడదు. రేపు వచ్చే సరుకు శుక్ర, శనివారాలది. ఈ ఐదు ప్లేట్లు మంగళవారం వచ్చినవి, శుక్రవారానికి వాటి రెండు రోజులు దాటిపోతాయి. చేతిలో ఉన్న సరుకు, అమ్మే రోజున కూడా బతికి ఉంటేనే దాన్ని స్టాక్‌గా లెక్కపెట్టాలి. చాలా చోట్ల కంప్యూటర్‌లో స్టాక్ కనిపిస్తూ శుక్రవారం రాత్రి వంటకం దొరక్కపోవడానికి కారణం ఇదే.

ఆ ఐదు ప్లేట్లను బుధవారం మధ్యాహ్నమే ఫ్రీజర్‌లో పెట్టి, శనివారం డెలివరీ లెక్కలోంచి తగ్గించుకోండి. శనివారం డెలివరీ మోయాల్సింది ఆదివారం 40, వచ్చే మంగళవారం 15, కలిపి 55. ఫ్రీజర్‌లోని 5 తీస్తే 50. ఆదివారానికి అదనం 6 వేస్తే 56. కిలోల్లో 12.6, అంటే 12.5 కిలోలు, సరిగ్గా ఐదు ప్యాకెట్లు. శుక్రవారం పంపే ఆర్డర్ ఇది. మంగళవారానికి విడిగా అదనం వేయలేదు. వారంలో తక్కువ జనం వచ్చే రోజుకి ఫ్రీజర్ నింపుకోవడం దండగ.

తేదీ చూసి లెక్కపెట్టాలంటే తేదీ కనిపించాలి. ప్రతి డబ్బా మీద లేబుల్‌లో రెండు విషయాలు రాయండి: సరుకు వచ్చిన రోజు, ఆఖరుగా వాడాల్సిన రోజు. మ్యారినేట్ చేసిన తేదీ ఒక్కటే రాస్తే, రెండో రోజు మ్యారినేట్ చేసిన చికెన్ కొత్తదిలా కనిపిస్తుంది.

6. ప్రెప్‌ని రోజుల మీద సర్దడం

ఆర్డర్ లెక్క కుదిరాక అసలు ఇబ్బంది చేతుల దగ్గర వస్తుంది. గురువారం పొద్దున 20 కిలోల చికెన్ దిగుతుంది. మీ వంటమనిషి గంటకు 8 కిలోలు శుభ్రం చేసి కోస్తాడనుకుంటే రెండున్నర గంటల పని. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పన్నెండు. మధ్యాహ్నం భోజనాలు పన్నెండుకే మొదలైతే ఆ పొద్దున ఆ మనిషికి ఇంకో పని చెప్పకూడదు. బండి ఒక గంట ఆలస్యమైతే చికెన్ పని భోజనాల తర్వాతకి వెళ్లాలి, అందుకు మధ్యాహ్నం మూడింటి తర్వాత సమయం ఖాళీగా ఉండాలి. అందుకే గురువారం వంటగది పలకమీద చికెన్ తప్ప ఇంకో పెద్ద పని ఉండకూడదు.

అప్పుడు వారాంతానికి కావాల్సిన సాస్ ఎప్పుడు? బుధవారం. ఉల్లి, టమాటాతో ఒక పెద్ద గిన్నె సాస్ వండి చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే శుక్ర, శని, ఆదివారాలకు హాయిగా ఉంటుంది. అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం వండిన పదార్థాన్ని 5 డిగ్రీల లోపు, వండిన రోజుతో కలిపి ఏడు రోజుల దాకా ఉంచవచ్చు. రుచి చూసుకుంటే నాలుగైదు రోజులే మంచిది. మీ ఊరి నిబంధన ఇంకా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి.

సాస్‌కి పొయ్యి మీద పట్టే టైమ్ అందరూ వేసుకుంటారు, చల్లారే టైమ్ ఎవరూ వేసుకోరు. అదే ఫుడ్ కోడ్ లెక్కలో వేడి పదార్థం 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకి రెండు గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5 డిగ్రీలకి మొత్తం ఆరు గంటల లోపు చేరాలి. అంటే రాత్రి పదకొండుకి మూసే వంటగదిలో సాస్ పొయ్యి మీద నుంచి సాయంత్రం నాలుగుకల్లా దిగాలి, లేకపోతే అది సరిగ్గా చల్లారిందో లేదో చూసే మనిషి ఉండడు. లోతైన గిన్నెలో 20 లీటర్లు అలాగే వదిలేస్తే మధ్యలో గంటల తరబడి వేడిగానే ఉంటుంది. రెండు మూడు అంగుళాల లోతు ట్రేల్లోకి పోసి, ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ ఉండండి. థర్మామీటర్ గిన్నె మధ్యలో పెట్టి చూడాలి, అంచున కాదు.

సాస్ బుధవారం కాబట్టి టమాటాలు మంగళవారమే రావాలి. కూరగాయల ఆర్డర్ ముందు రోజు అందాలంటే అది సోమవారం, మీకు సెలవు. కాబట్టి ఆదివారం రాత్రి మూసేటప్పుడే ఆ ఆర్డర్ పంపేయాలి. ఒక గిన్నె సాస్ మూడు రోజుల వెనక ఉన్న ఆర్డర్‌ని ఎలా లాగుతుందో చూడండి. మెనూలోని ప్రతి పెద్ద ప్రెప్‌కి ఇలా ఒక్కసారి వెనక్కి నడిచి చూస్తే, ఏ ఆర్డర్ ఏ రాత్రి వెళ్లాలో దానంతటదే తేలుతుంది.

7. పాడవని సరుకు

నూనె, పిండి, పప్పులు, ప్యాకింగ్ డబ్బాలకు ఆయుష్షు బెంగ లేదు. వాటి లెక్కలో జరిగే తప్పు ఇంకోటి. వారానికోసారి వస్తుంది కదా అని వారానికి సరిపడా తెప్పిస్తారు. శనివారం రాత్రి ఆర్డర్ పెడితే బుధవారం వస్తుందనుకోండి. ఈ ఆర్డర్, వచ్చే శనివారం పెట్టే ఆర్డర్ చేతికందే దాకా లాగాలి. అంటే రేపటి ఆదివారం నుంచి, ఆపై వారం మంగళవారం దాకా. మధ్యలో రెండు సోమవారాలు తీసేస్తే పని రోజులు 8. బండి ఆలస్యానికి ఒక రోజు కలిపితే 9. రోజుకి 5 లీటర్ల నూనె అయితే 45 లీటర్లు. చేతిలో 17 ఉన్నాయి. 28 కావాలి, 15 లీటర్ల టిన్నులు రెండు. ఇంతకుముందు పెట్టి ఇంకా చేరని ఆర్డర్ ఏదైనా ఉంటే దాన్ని కూడా ఈ లెక్కలోంచి తగ్గించండి. అది మరిచిపోతే స్టోర్ రూమ్ టిన్నులతో నిండిపోతుంది.

8. గోడ మీద కాగితం

ఇదంతా ఒక్క పేజీలోకి రావాలి. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది:

- ఆదివారం రాత్రి: ఫ్రీజర్ నుంచి మంగళవారం సంచులు ఫ్రిజ్‌లోకి. స్టాక్ లెక్క. మంగళవారం రావాల్సిన చికెన్, కూరగాయల ఆర్డర్.
- మంగళవారం: ఉదయం చికెన్ దించుకోవడం, కోసి మ్యారినేట్ (బుధ, గురు).
- బుధవారం: ఉదయం కిరాణా సరుకు. వారాంతం సాస్, సాయంత్రం నాలుగుకల్లా పొయ్యి దిగాలి. 3 గంటలకి చికెన్ లెక్క, మిగులు ఫ్రీజర్‌కి, గురువారం ఆర్డర్.
- గురువారం: చికెన్ 20 కిలోలు, మ్యారినేట్ (శుక్ర, శని). వేరే పెద్ద పని వద్దు.
- శుక్రవారం: 3 గంటలకి లెక్క, శనివారం ఆర్డర్.
- శనివారం: చికెన్ మ్యారినేట్ (ఆది), మంగళవారం భాగం ఫ్రీజర్‌కి. రాత్రి కిరాణా ఆర్డర్.

ప్రతి ఆర్డర్ పక్కన ఒకరి పేరు, ఆ మనిషి సెలవులో ఉంటే రెండో పేరు రాయండి. ఆర్డర్ పంపడం కాదు, సప్లయర్ నుంచి "అందింది" అని జవాబు రావడమే పని పూర్తయినట్టు.

9. తేడా వచ్చినప్పుడు

సరుకు దింపేటప్పుడు తూచండి, చికెన్ మధ్యలో థర్మామీటర్ పెట్టి 5 డిగ్రీల లోపు ఉందో చూడండి, తర్వాతే బిల్లు మీద సంతకం. 20 చెప్తే 15 వచ్చిందనుకోండి. ఆ నిమిషంలోనే లెక్క తిప్పాలి: 15 కిలోలకి 66 ప్లేట్లు, కావాల్సింది సరాసరిన 80. సప్లయర్ మధ్యాహ్నంలోపు మిగతా 5 కిలోలు పంపితే ఇవాళే మ్యారినేట్ చేయవచ్చు. రేపు పంపితే శనివారానికి పనికొస్తుంది. శనివారం పొద్దున వస్తే మాత్రం ఈ వారాంతానికి వచ్చినా రానట్టే, అందుకని "ఎప్పుడు పంపుతారు" అని అడిగాకే సరేనండి. ఏదీ కుదరకపోతే శుక్రవారం రాత్రికి 28, శనివారానికి 38 అని విడగొట్టి వడ్డించేవాళ్లకి ముందే చెప్పండి. శుక్రవారమే అన్నీ అమ్మేస్తే శనివారం రాత్రి మెనూలో పెద్ద ఖాళీ ఉంటుంది.

సప్లయర్‌కి సెలవు వచ్చే వారం ఇంకా గట్టిది. గురువారం డెలివరీ లేదంటే దాన్ని బుధవారానికి జరపడం తేలిక అనిపిస్తుంది, కానీ బుధవారం సరుకు శనివారానికి మూడు రోజులవుతుంది. శుక్రవారానికి జరిపితే శుక్రవారం రాత్రికి ఏమీ ఉండదు. అప్పుడు బుధవారం సగం, శుక్రవారం సగం అడగాలి: బుధవారం వచ్చేది శుక్రవారం 35 ప్లేట్లకి, అదనంతో కలిపి 10 కిలోలు, శుక్రవారం వచ్చేది శనివారం 45 ప్లేట్లకి, అదనంతో 12.5 కిలోలు. బుధవారం అదే రోజు సాస్ కూడా ఉంది కాబట్టి, ఆ వారానికి సాస్‌ని మంగళవారానికి జరపండి. అంటే టమాటాలు ఆదివారమే వంటగదిలో ఉండాలి, కూరగాయల ఆర్డర్ శనివారం మధ్యాహ్నమే వెళ్లాలి. సప్లయర్ల సెలవుల జాబితా కనీసం రెండు వారాల ముందు మీ కాగితం మీదకి రావాల్సింది ఇందుకే.